రుబ్బురోలుకు సాక్షి కావాలన్న మేడం ఉత్తరం

నా వ్యాసం తప్పిందని మా మేడం నోటితో చెప్పలేదు. ఉత్తరం రాసి చేతికిచ్చింది. పైన డిపార్ట్‌మెంటు పేరు, కింద ఆవిడ సంతకం, దాని పక్కన హెడ్డుగారి సంతకం. ఒక కాపీ నాకు, ఒక కాపీ ఫైలుకి. అంత మర్యాదగా నన్ను ఎవరూ ఫెయిల్ చెయ్యలేదు. మా ఊళ్ళో మాస్టారైతే స్లేటు నెత్తిన పెట్టి ఎండలో నిలబెట్టేవాడు, సూర్యుడే జాలిపడి మబ్బు చాటుకి వెళ్ళిపోయేవాడు.

అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్ళు. భిలాయిలో ఒక కాలేజీలో బి.ఏ. ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. పెళ్ళై విజయనగరం నుంచి వచ్చేటప్పుడు సగంలో వదిలేసిన డిగ్రీ అది. ఇప్పుడెందుకు పట్టుకున్నానంటే, సెక్టర్ ఏడులోని ఒక బడిలో లైబ్రరీ చూసుకుంటూ పిల్లలకి కథలు చెప్పేదాన్ని. టెంపరరీ పని. దాన్ని పర్మనెంటు చేస్తామన్నారు, కానీ డిగ్రీ ఉన్నవాళ్ళకే. డిగ్రీ రావాలంటే పరీక్ష రాయాలి, పరీక్షకి హాల్ టికెట్ రావాలి, హాల్ టికెట్ రావాలంటే సోషియాలజీ ఇంటర్నల్ వ్యాసం పాసవ్వాలి. ఆ వ్యాసమే తప్పింది. నా కథలన్నీ ఒక్క వ్యాసం దగ్గర ఇరుక్కున్నాయి.

మేడం నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. రాయపూర్ అమ్మాయి. క్లాసులో పిల్లలందరూ నన్ను ‘ఆంటీ’ అంటారు, ఆవిడ ఒక్కతే హిందీలో మర్యాదగా ‘ఆప్’ అంటుంది. ఆ ‘ఆప్’ వింటే నాకు భయం.

ప్రశ్న చిన్నదే. ‘మీరు ఉండే చోట ఉన్న ఒక అలవాటును వర్ణించండి. అది ఎలా మారింది? ఎందుకు మారింది?’ నేను సంచుల గురించి రాశాను. మా సెక్టర్ ఆరు క్వార్టర్లలో ఎవరైనా రైలెక్కి విజయనగరం, శ్రీకాకుళం వైపు వెళ్తున్నారంటే, ఆ లైనులో ఉన్న తెలుగువాళ్ళందరూ ఒక్కొక్క సంచి ఇచ్చి పంపేవాళ్ళు. ఇక్కణ్ణుంచి సారపప్పు, అటుకులు వెళ్ళేవి. అక్కణ్ణుంచి చింతపండు, వడియాలు, ఎండుచేపలు వచ్చేవి. వెళ్ళేవాళ్ళు కాదనకూడదు, సంచి విప్పకూడదు, లోపల ఏముందని అడగకూడదు. అంతవరకూ నిజమే. నిజం ఒక పేజీకే అయిపోయింది.

మిగతా ఏడు పేజీలూ మా మేనత్త రుబ్బురోలు గురించి. ఆవిడ పుట్టింటి రుబ్బురోలును భిలాయి తెచ్చుకోవడానికి దానికి లోయర్ బెర్తు రిజర్వేషన్ చేయించిందనీ, దుప్పటి కప్పి పడుకోబెట్టిందనీ, టీటీ వచ్చి కొస ఎత్తి చూసి, ‘పాపం, పెద్దావిడకి ఒళ్ళు చల్లబడిపోయింది, డాక్టర్ని పిలవనా’ అన్నాడనీ రాశాను. రాయగడ స్టేషన్లో డాక్టరు వచ్చి నాడి పట్టుకున్నాడని కూడా రాశాను. నా దృష్టిలో అది మొత్తం వ్యాసంలోకెల్లా మంచి భాగం.

ఉత్తరం హిందీలో ఉంది. నాకు గుర్తున్నంతవరకు ఇలా ఉంది.

‘మీ వ్యాసం ఆసక్తిగా ఉంది, కానీ ప్రశ్నలో సగానికి జవాబు లేదు. అలవాటు ఎలా, ఎందుకు మారిందో మీరు రాయలేదు. మరొకసారి ఇవ్వడానికి హెడ్డుగారి అనుమతితో అవకాశం ఇస్తున్నాను. షరతులు ఇవి. ఒకటి, మార్పుకి కారణాలు రాయాలి, వ్యాసంలో కనీసం సగం దానికే ఉండాలి. రెండు, ప్రతి సంఘటన దగ్గర అది మీరు చూసిందా, విన్నదా, ఊహించిందా స్పష్టం చెయ్యాలి. విన్నదైతే కనీసం ఇద్దరు చెప్పాలి, వాళ్ళు ఒకరి నుంచి ఒకరు గానీ, మీ నుంచి గానీ విన్నవాళ్ళు కాకూడదు. తెలియని చోట తెలియదని రాయాలి. మూడు, మాట్లాడినవాళ్ళ పేర్లు రాయకూడదు, వాళ్ళ గురించి రాసింది వాళ్ళకి చదివి వినిపించి ఒప్పుకోలు తీసుకోవాలి. నాలుగు, పదిహేను వందల మాటలు దాటకూడదు. పాత వ్యాసం జతచేసి, ఏ షరతు కోసం ఏం మార్చారో మొదటి పేజీలో రాయాలి. ఇచ్చిన రోజే నా ముందు కూర్చుని ప్రశ్నలకి జవాబు చెప్పాలి. వచ్చే నెల మొదటి సోమవారం సాయంత్రం నాలుగు దాటితే తీసుకోను. షరతులన్నీ తీరితే పాస్ మార్కులు, అంతకు మించి ఇవ్వడం రూలు కాదు. ఇది ఒక్కసారే.’

చివర ఒక వాక్యం విడిగా ఉంది. ‘రుబ్బురోలు సంఘటనకు సాక్షులు దొరకకపోతే తీసెయ్యండి.’

మా ఆయన స్టీలు ప్లాంటు నుంచి పొద్దుటి ఎ-షిఫ్టు ముగించుకుని వచ్చి, బూట్లు విప్పకుండానే ఉత్తరం రెండుసార్లు చదివాడు.

“సాక్షులంట. కోర్టులో కేసేమో అనుకున్నాను. ఏటి సేస్తావిప్పుడు?”

“ఏటి సేస్తాను? సాక్షుల్ని తెస్తాను.”

“ఆ రోలు కథకా? ఒలే, మీ మేనత్త మిక్సీలో రుబ్బుతాది.”

“మిక్సీ కొనకముందు సంగతి,” అన్నాను.

నిజానికి నాకు ధైర్యం ఉంది. ఆ కథ భిలాయిలో తెలియని తెలుగు కొంప లేదు. స్మృతి నగర్‌లో ఒక రిటైర్డ్ టీటీ మావయ్య ఉన్నాడు, మా వైపు వాడే, రైల్వేలో తలపండినవాడు. నోటుపుస్తకం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన వరండాలో కూర్చుని శనక్కాయలు వొలుస్తున్నాడు.

“మావయ్యా, రుబ్బురోలు రైల్లో పడుకుని వచ్చిన సంగతి నీకు తెలుసా?”

“తెలుసా అంటావేటమ్మా? దుప్పటి ఎత్తింది నానే కదా!”

నేను పుట్టించిన టీటీ నా ముందు కూర్చుని శనక్కాయలు వొలుస్తున్నాడు. ఏ బోగీ, ఏ బెర్తు, దుప్పటి ఏ రంగు, అన్నీ చెప్పాడు. నేను రాయనివి కూడా చెప్పాడు. డాక్టరు ఫీజు అడిగితే రోలే ఇచ్చుకోవాలని తాను తగవు తీర్చాడట. గబగబా రాసుకున్నాను. అప్పుడు లోపల్నుంచి అత్త కాఫీ తెచ్చింది.

“నీకు పోస్టింగు ఎప్పుడూ నాగపూర్ వైపే గదా,” అంది మొగుడితో. “రాయగడ లైనుకి నువ్వెప్పుడెల్లినావు?”

“ఎల్లినాను. నీకు తెల్దు.”

“ఆ కత నీకు సెప్పింది నానే. నాకు సెప్పింది ఇదిగో, ఈవిడే. సెక్టర్ ఆరులో కుళాయి కాడ. బిందె నిండి పొర్లిపోతన్నా ఆపలేదు.”

మావయ్య నా వంక చూశాడు. నేను నోటుపుస్తకం వంక చూశాను. మేడం షరతు ప్రకారం ఈ సాక్షి నా నుంచి విన్నవాడు. ఆ పేజీ అడ్డంగా కొట్టేశాను.

ఆ వారంలో ఇంకో నలుగుర్ని అడిగాను. ఒకావిడ చెప్పిన ప్రకారం రోలుతోపాటు పొత్రానికి కూడా సగం టికెట్ తీశారు. ఒకాయన చెప్పిన ప్రకారం రోలు దుర్గ్ స్టేషన్లో తానే దిగింది. అందరినీ వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ వెళ్తే ప్రతివాళ్ళూ చివరికి మా వీధి కుళాయి దగ్గరే తేలారు, అక్కడ బిందె పట్టుకుని నేనే ఉన్నాను. సొంత కథ ఇంత దూరం తిరిగిందని గర్వం ఒకవైపు, హాల్ టికెట్ పోతుందని గుబులు ఒకవైపు. ఏడు పేజీలూ తీసేస్తే వ్యాసంలో మిగిలేది ఒక పేజీ. దానిలో ‘ఎందుకు మారింది’ అన్న ముక్కే లేదు.

అప్పుడు కాఫీ అత్తే ఫోన్ చేసింది. “సంచుల గురించి నిజం కావాలంటే, ఆ పచ్చచీరల గొడవ అడగరాదేటే? ఆళ్ళిద్దరూ ఇంకా బతికే ఉన్నారు గదా.”

ఇక్కడ సంచులకి గుర్తు సంగతి చెప్పాలి. మా వాళ్ళు సంచి మీద పేరు రాసేవాళ్ళు కాదు. మూతికి సొంత పాతచీర అంచు చింపి కట్టేవాళ్ళు. ఊరినుంచి సంచి తిరిగొచ్చేటప్పుడూ అదే పీలిక, అన్నే ముళ్ళు. ఎవరి చీరలు ఏమిటో లైనంతా తెలుసు. రోజూ అందరివీ ఎదురెదురు దండేల మీదే ఆరేవి కదా. ‘నెమలికంఠం రంగు పీలిక సంచీ ఎవరిది?’ అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు, నేరుగా తీసుకెళ్ళి ఇచ్చేసేవాళ్ళు. ఇద్దరికి ఒకే చీర ఉంటే దానికీ పద్ధతి ఉంది. ముందు కొన్నావిడ ఒక ముడి వేస్తుంది, తర్వాత కొన్నావిడ రెండు ముళ్ళు వేస్తుంది. ఇవన్నీ నాకు తెలిసినవే, నేనూ ముళ్ళు వేసినదాన్నే. అయినా వ్యాసంలో ఒక్క ముక్క రాయలేదు. ఇందులో రాయడానికేముంది అనుకున్నాను.

ఆ గొడవలో ఇద్దరు. ఒకరు సెక్టర్ ఆరులోనే ఉండే రైలు పిన్ని. తండ్రి రైల్వే, మొగుడు ప్లాంటు లోపలి రైల్వే, ఆదివారం చర్చి, మిగతా ఆరురోజులూ చేప. రెండోవారు అప్పట్లో పక్క క్వార్టరు, ఇప్పుడు సెక్టర్ ఏడులో కొడుకు క్వార్టర్లో ఉండే పూజల వదిన. ఉల్లిపాయ కూడా ముట్టదు. ఇద్దరూ ఒకప్పుడు ఒకే కంచంలో తినేవాళ్ళు, అంటే వదిన వండినది. సైకిల్ మీద చీరలు తెచ్చే భయ్యా దగ్గర ఇద్దరూ ఎర్రంచు పచ్చచీర కొన్నారు. ఇద్దరూ తానే ముందు కొన్నాననుకున్నారు. కాబట్టి ఇద్దరూ ఒక్కొక్క ముడే వేశారు. అంతే, విజయనగరం నుంచి వచ్చిన రెండు సంచులు తారుమారయ్యాయి.

ముందు పిన్నిని అడిగాను.

“నా సంచీలో ఎండుసేపలు, నెత్తళ్ళు, సావిడాయిలు రావాలి. ఇప్పి సూస్తే ఏటుంది? కుంకం, పసుపు, సింహాచలం పెసాదం. ఒలమ్మా, నాకు గుండె ఆగినంత పనైంది.”

“మరి తిరిగి ఇచ్చీలేదా పిన్నీ?”

“కుంకం ఇచ్చీసినాను. లడ్డూ తినీసినాను. లడ్డూ ఏ దేవుడిదైతే ఏటే?” అంతలోనే, “కానీ చీర ముందు కొన్నది నానే. అది రెండు ముళ్ళెయ్యాల. ఏసిందా? ఏయలేదు. తప్పెవురిది?”

“మీరిద్దరూ అప్పట్నుంచీ మాట్లాడుకోలేదా?”

“ఎందుకు మాటాడతాను? ఎదురుపడితే నీళ్ళ టాంకీ వంక సూస్తాను.”

నాకు ఆనందంతో కళ్ళు చెమర్చాయి. ఒకరితో ఒకరు మాట్లాడుకోని సాక్షులు! మేడం దేవుణ్ణి అడిగినా ఇంతకన్నా మంచివాళ్ళు దొరకరు.

వదిన దగ్గరికి వెళ్తే ఆవిడ తులసికోట కడుగుతోంది. చేపల మాట ఎత్తగానే చెంబు కింద పెట్టేసింది.

“సంచీ దేవుడి గదిలో పెట్టానమ్మా. ప్రసాదం అనుకుని. సాయంత్రం దీపం పెట్టడానికి తలుపు తీస్తే... నువ్వు నమ్మవు గానీ, పటంలో స్వామి మొహం పక్కకి తిప్పుకున్నాడు.”

“వదినా, అది మీరు చూశారా, అనిపించిందా?”

“ఏంటా ప్రశ్న?”

“మేడం అడుగుతారు.”

వదిన ఆలోచించింది. “అనిపించింది,” అని ఒప్పుకుంది. నా జీవితంలో ఒక మనిషి చేత కథలోంచి ఒక ముక్క వెనక్కి తీయించడం అదే మొదటిసారి. నాకు కొంచెం బాధేసింది కూడా, చాలా మంచి ముక్క అది. “కానీ చీర మాత్రం నాదే ముందు,” అంది గట్టిగా. “ఆవిడ రెండు ముళ్ళు వెయ్యాలి.”

ఆ గొడవ తర్వాత లైనులో ఆడవాళ్ళకి గుడ్డపీలిక మీద నమ్మకం పోయింది. కొందరు పెన్నుతో పేరు రాయడం మొదలుపెట్టారు. పేరు రాశాక, సంచి ఎవరిదో రైల్లో వాళ్ళకి కూడా తెలిసిపోయింది. ఎవరి సంచి పెద్దదో, ఎవరిది వాసనో, అన్నీ బయటపడ్డాయి. మోసేవాళ్ళు సణగడం అప్పుడే మొదలైందని అయిదారు ఇళ్ళల్లో విడివిడిగా చెప్పారు. తర్వాత రిటైరైనవాళ్ళు స్మృతి నగర్‌కీ, ఇంకెక్కడికో సొంతిళ్ళకి వెళ్ళారు. అక్కడ బట్టలు మేడ మీద ఆరుతాయి, పక్కవాళ్ళకి కనపడవు. ‘నా చీరలేవో మా పక్కావిడకి తెలీదు, ఆవిడవి నాకు తెలీవు’ అంది ఒకావిడ. ఇప్పుడంతా కొరియర్. నేను పెన్ను కింద పెట్టి ఆ చీరల మాట రెండోసారి చెప్పించుకున్నాను. ‘ఎందుకు మారింది’కి జవాబు దండెం మీద వేలాడుతోంది.

రాసేశాను. ఇంక మిగిలింది మూడో షరతు, చదివి వినిపించి ఒప్పించడం. అక్కడ నా ప్రాణం పోయింది.

పిన్ని అంతా విని, “బావుంది. నా పేరెక్కడ?” అంది.

“పేర్లు రాయకూడదు పిన్నీ. మేడం షరతు.”

“పేరు లేకపోతే చీర ముందు కొన్నది నానేనని ఎవులికి తెలుస్తాది?”

“అది ఎవరికీ తెలీదనే రాశాను.”

“తెలీదేటి? నేను సెప్తన్నాను గదా!”

చివరికి ఆవిడ మాట ఆవిడ మాటగానే, కొటేషన్లో, ఒక్క అక్షరం పోకుండా పెట్టానని మూడుసార్లు చదివితే ఒప్పుకుంది.

వదిన ఇబ్బంది వేరు. తన గురించి రాసిన పేరాలో ‘చేప’ అన్న మాట ఉండకూడదంది.

“గొడవంతా దాని గురించే కదా వదినా!”

“గొడవ ఆవిడ పేరాలో రాసుకో. నా పేరాలో వద్దు. ఎవరైనా చదివితే నేను వండానేమో అనుకుంటారు.”

గడువు మర్నాడే. కూర్చుని ఆవిడ పేరాలో చేప ఉన్న చోటల్లా ‘ఆ వస్తువు’ అని మార్చాను. ‘ఆ వస్తువు వాసన’, ‘ఆ వస్తువు కళ్ళు’. మళ్ళీ చదివాను. ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి, సరే అంది.

సోమవారం మూడున్నరకి మేడం గదిలో కూర్చున్నాను. పాత వ్యాసం, కొత్త వ్యాసం, మొదటి పేజీలో ఏ షరతుకి ఏం మార్చానో. ఆవిడ ఎర్రపెన్ను తీసి ఒక్కొక్క షరతు పక్కన ఆగుతూ చదివింది. మాటలు లెక్కపెట్టింది. పదిహేను వందలకి లోపే. హిందీలో అడుగుతోంది, నేను హిందీలోనే చెప్తున్నాను, గొంతు మాత్రం తెలుగులో వణుకుతోంది.

“ఇందులో ‘ఆ వస్తువు’ అంటే ఏమిటి?”

“చేప మేడం. చదివి వినిపించినప్పుడు ఆవిడ ఒప్పుకోలేదు. మూడో షరతు.”

మేడం పెదవి కొరుక్కుంది. కింద చిన్న అక్షరాలతో ఒక వివరణ రాయమంది. రాశాను.

“ఈ ఇద్దరూ కలిసి మాట్లాడుకుని చెప్పలేదని ఎలా తెలుసు?”

“ఎదురుపడితే ఒకావిడ నీళ్ళ టాంకీ వంక చూస్తుంది మేడం. ఇది ఒకావిడ చెప్పింది. తర్వాత నేనూ చూశాను, సెక్టర్ ఆరు మార్కెట్లో. రెండో ఆవిడ కూరగాయల తక్కెడ వంక చూసింది.”

ఆవిడ టిక్కు పెట్టింది. తర్వాత పెన్ను మూత పెట్టి, వెనక్కి వాలి, “మరి చీర ముందు ఎవరు కొన్నారు?” అంది.

నా నోటిదాకా మూడు జవాబులొచ్చాయి. ఒకదాన్లో చీరలమ్మే భయ్యా ముసలివాడై, చావుబతుకుల మధ్య నిజం చెప్పి కన్నుమూస్తాడు. రెండోదాన్లో ఆ రెండు చీరలూ ఒకే తానులోంచి ఒకే క్షణంలో చినుగుతాయి. మూడోది ఇక్కడ చెప్పను, ఎప్పుడైనా వాడుకుంటాను. నాలుక ఎంత దురదపెట్టిందంటే, పళ్ళతో పట్టుకుని ఆపాల్సొచ్చింది. హాల్ టికెట్ కళ్ళముందు ఆడింది.

“తెలీదు మేడం,” అన్నాను.

“ఊహించలేదా?”

“చాలా ఊహించాను. రాయలేదు.”

మేడం నవ్వింది. రెండున్నరేళ్ళలో ఆవిడ పళ్ళు చూడటం నాకు అదే మొదలు. పై పేజీ మీద పాస్ మార్కులు వేసి చుట్టూ గుండ్రంగా గీసింది. “ఇంకా ఎక్కువే వెయ్యాలి, కానీ రూలు రూలే,” అంది. హెడ్డుగారి సంతకం తనే పెట్టించి, ఇంటర్నల్ మార్కుల పట్టిలో నా పేరు ఎదుట ఆ అంకె వేసి నాకు చూపించింది. హాల్ టికెట్ మిగతా పిల్లలతోపాటే వచ్చింది.

ఆ సోమవారం సాయంత్రమే పిన్ని దగ్గరికి వెళ్ళి పాసయ్యానని చెప్పాను.

“మరి మీ మేడం ఏటంది? నాదే ముందందా?”

“తెలీదని చెప్తేనే పాస్ చేసింది పిన్నీ.”

పిన్ని జాలిగా తల ఊపింది. “సదూకున్న పిల్ల, పాపం. ఆదివారం చర్చయ్యాక ఒకపాలి మా ఇంటికి తీసుకురా. కూకోబెట్టి నేను సెప్తాను.”

వదినకి ఫోన్ చేస్తే ఆవిడా అదే మాట అంది. అదే ఆదివారం. భోజనానికి.

మేడంకి చెప్పాను. ఆవిడ డైరీ తెరిచి, రెండు పిలుపులూ ఒకే గడిలో రాసుకుని, ముందు ఎవరింటికి వెళ్ళాలని నన్నడిగింది. నేను కిటికీలోంచి నీళ్ళ టాంకీ వంక చూశాను.